ముందు ఫైలు, తర్వాతే కాయిల్

మందులు వాడినా లొంగని డిప్రెషన్‌కి అయస్కాంత చికిత్స ఉందని ఈ మధ్య చాలామంది వింటున్నారు. హైదరాబాదులో కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు దీన్ని ఇస్తున్నాయి. పొడుగ్గా చెప్పాలంటే ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, అందరూ అనేది టీఎంఎస్. ఆ మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కరెంటు షాకా డాక్టర్ గారూ?"

కాదు. షాక్ చికిత్సగా పేరుపడ్డ ఈసీటీలో మత్తు ఇచ్చి, తలకు కరెంటు పంపి, వైద్యుల అదుపులో కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. టీఎంఎస్‌లో మత్తు ఉండదు, ఫిట్స్ రాకూడదు. మనిషి మెలకువగా కుర్చీలో కూర్చునే ఉంటాడు. ఎడమ నుదుటికి కాస్త పైన, జుట్టు మొదలయ్యే చోటు దాటాక, ఎనిమిది అంకె ఆకారంలో తీగ చుట్టిన కాయిల్‌ని ఆనిస్తారు. దానిలో కరెంటు క్షణకాలం పారి ఆగినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం పుట్టి మాయమవుతుంది. ఆ మార్పు పుర్రె దాటి లోపల రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకు నరకణాలను కదిలిస్తుంది. డిప్రెషన్‌లో మందగిస్తుందని భావించే మెదడు ముందుభాగం అక్కడే ఉంది. దాన్ని రోజూ కాసేపు తట్టి లేపితే, కొన్ని వారాలకు ఆ భాగంతో ముడిపడ్డ నరాల వలయాలు పని తీరు మార్చుకుంటాయన్నది ఆలోచన.

మెదడును ఇలా బయటినుంచి అయస్కాంతంతో కదిలించవచ్చని 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చూపించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో డిప్రెషన్ చికిత్సకు మొదటి యంత్రాన్ని అనుమతించింది. ఇంగ్లండులో ఏ చికిత్సను ఎలా వాడాలో ప్రభుత్వ వైద్య సేవలకు సూచించే నైస్ అనే సంస్థ మాత్రం అంత త్వరగా ఒప్పుకోలేదు. దీన్ని పరిశోధనల్లో తప్ప వాడవద్దని 2007లో చెప్పింది. 2015 డిసెంబరులో మాట మార్చింది. పెద్ద ప్రమాదాలేవీ కనబడలేదు, కొద్దికాలానికి పనిచేస్తుందనడానికి ఆధారాలు సరిపోతాయి, కానీ ఫలితం మనిషి మనిషికీ మారుతోంది, అందుకని మామూలు వైద్య పర్యవేక్షణ ఏర్పాట్లతో ఇవ్వవచ్చు అంది. రోగి నుంచి సమ్మతి తీసుకునేటప్పుడు ఇతర చికిత్సలేమున్నాయో చెప్పాలనీ, ఇది అసలు పనిచెయ్యకపోవచ్చని కూడా చెప్పాలనీ షరతు పెట్టింది. ఇకముందు చేసే అధ్యయనాలు ఎలాంటి రోగులను ఎంచుకున్నారో, ఏ పద్ధతిలో ఎంత ఇచ్చారో, తర్వాతి కాలంలో ఏమైందో వివరంగా రాయాలని కోరింది.

ఆ కోరికలోనే అసలు సంగతంతా ఉంది. యంత్రం కొనడం డబ్బున్న ఎవరికైనా సాధ్యమే. కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరిని కూర్చోబెట్టకూడదు, కూర్చున్నవాళ్ళను రోజూ ఎవరు ఏం అడగాలి అన్నవే చికిత్స మంచిచెడ్డలను తేలుస్తాయి. ఇది వివరించడానికి శారద అనే ఒక మనిషిని ఊహించుకుందాం. పేరూ కథా కల్పితమే. ఆమెకు జరిగేవన్నీ మాత్రం ఇలాంటి విభాగాల్లో నిత్యం జరిగేవే.

శారదకు 44 ఏళ్ళు. నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ బడి టీచరు. రెండేళ్ళుగా డిప్రెషన్. సెప్టెంబరులో హైదరాబాదులోని ఒక టీఎంఎస్ విభాగానికి అక్కను తోడు తీసుకుని వచ్చింది. చేతిలోని చీటీ మీద "రెండు మందులకు లొంగలేదు" అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యంతోనే చాలాచోట్ల చికిత్స మొదలైపోతుంది. ఎందుకంటే మందులకు లొంగని డిప్రెషన్ అనడానికి ఎక్కువమంది ఒప్పుకునే కొలత అదే. రెండు వేర్వేరు మందులు, తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా చెప్పుకోదగ్గ గుణం రాకపోవడం. తగినంత కాలమంటే సరైన మోతాదుకు చేరాక కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు.

ఆ విభాగంలోని డాక్టరు చీటీని పక్కన పెట్టి, మందుల షాపు బిల్లులూ పాత ప్రిస్క్రిప్షన్లూ తీయమన్నారు. మొదటి మందు ఎస్‌సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు. వికారం పుట్టి పన్నెండో రోజునే మానేసింది. రెండోది సెర్‌ట్రలిన్ 50 మిల్లీగ్రాములు. కొలిచి చూస్తే ఏడాది వాడినట్టే ఉంది గానీ, బిల్లులు నెల విడిచి నెల ఉన్నాయి. "కాస్త బాగున్న రోజున ఎందుకులే అనిపించేదండీ" అంది శారద. మోతాదు ఎవరూ పెంచలేదు. అంటే ఆమె రెండు మందులకు లొంగలేదని కాదు, ఒక్క మందునూ సరిగా ప్రయత్నించలేదని.

లోకంలో లొంగని డిప్రెషన్ అని పేరుపడ్డ కేసుల్లో ఇలాంటివి తక్కువేం కాదు. మందు చాల్లేదా, మనిషి వాడలేదా, అసలు జబ్బే వేరా అని చూడకుండా ముందుకు వెళ్తే, తేలిగ్గా మాత్రతో తగ్గే మనిషిని నెల పైన రోజూ ఆసుపత్రికి తిప్పినట్టవుతుంది. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం, తాగుడు, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఇవన్నీ డిప్రెషన్ వేషంలో వస్తాయి, లేదా దాన్ని తగ్గనివ్వవు. శారదకు రక్తపరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి.

తర్వాత డాక్టరు శారదను వదిలి అక్కను అడిగారు. "ఎప్పుడైనా నాలుగైదు రోజులపాటు నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, గలగలా మాట్లాడుతూ, చేతిలో డబ్బంతా ఖర్చు పెట్టేస్తూ ఉండడం చూశారా అమ్మా?" ఈ ప్రశ్న ఇంట్లోవాళ్ళనే అడగాలి. హుషారు ఎక్కువైన రోజులు జబ్బు రోజులని రోగికి తోచవు, అవే తన మంచిరోజులనుకుంటారు. అలాంటి చరిత్ర ఉంటే అది బైపోలార్ కావచ్చు. అప్పుడు చికిత్స పథకమే మారుతుంది, టీఎంఎస్ ఇచ్చినా ఆ హుషారు తిరగబెట్టకుండా మందుల కాపు ఉండాలి. అక్క అలాంటిదేమీ ఎప్పుడూ చూడలేదంది.

ఇంకో రకం రోగులను ఆ గదిలోంచి వేరే దారికి మళ్ళించాలి. తిండి, నీళ్ళు మానేసి మంచానికి అతుక్కుపోయినవాళ్ళు, "నా పేగులు కుళ్ళిపోయాయి", "నా పాపానికే ఊరు పాడైంది" అంటూ లేనివి నమ్మేవాళ్ళు, ఇవాళో రేపో ప్రాణం తీసుకునేంత ప్రమాదంలో ఉన్నవాళ్ళు టీఎంఎస్ కోసం ఆగకూడదు. ఇది పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. అలాంటి తీవ్రస్థితిలో ఈసీటీ త్వరగా, బలంగా పనిచేస్తుంది. షాక్ అనే పేరుకు జడిసి కుటుంబాలు టీఎంఎస్‌ను ఎంచుకుంటామంటాయి. వాళ్ళ భయాన్ని గౌరవిస్తూనే కాదని చెప్పగలిగే డాక్టరు అక్కడ ఉండాలి. నాకు తెలిసి ఎంపికలో అన్నిటికన్నా కష్టమైన మాట ఇదే. డబ్బు కట్టడానికి సిద్ధంగా వచ్చినవాళ్ళకు ఇది మీకు సరిపోదని చెప్పాలి మరి.

శారదను కూడా ఆ రోజు తిప్పి పంపారు. కాకపోతే ఊరికే పంపలేదు. సెర్‌ట్రలిన్‌ను మెల్లగా 150 మిల్లీగ్రాములకు పెంచి రోజూ వేసుకోమన్నారు, అక్కే మాత్ర చేతికిచ్చే ఏర్పాటు చేశారు. వారానికోసారి కౌన్సెలింగ్. కొద్దిగా గుణం వచ్చి ఆగిపోయింది. జనవరిలో వెన్లఫాక్సిన్‌కు మార్చి, 225 మిల్లీగ్రాముల దాకా తెచ్చి ఎనిమిది వారాలు చూశారు. మార్చి చివర్లో పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రంలో ఆమె స్కోరు 19. మొత్తం 27కి ఇది లెక్క, ఎక్కువైతే జబ్బు ఎక్కువని. ఇప్పుడు చీటీ మీది మాట నిజమైంది.

ఇక్కడ ఇంకో మందు ప్రయత్నించవచ్చు కదా అనిపిస్తుంది. దీనికి కొంత జవాబు అమెరికాలో స్టార్-డి పేరుతో జరిగి 2006లో ఫలితాలు వెలువడ్డ పెద్ద అధ్యయనంలో ఉంది. మొదటి మందుతో వందలో 37 మంది దాదాపు పూర్తిగా కోలుకున్నారు, రెండోదానితో 31 మంది. మూడోసారి ఆ సంఖ్య 14కి పడిపోయింది. రెండు మందులు సరిగ్గా వాడి విఫలమయ్యాక మూడో మాత్రకు ఆశ సన్నగిల్లుతుంది. టీఎంఎస్‌ను ఆ మలుపు దగ్గర పెట్టడానికి కారణం అదే. కెనడాలో 414 మంది మీద జరిగి 2018లో లాన్సెట్‌లో వచ్చిన పరీక్షలో, మందులు విఫలమైనవాళ్ళలోనే, కొత్త పద్ధతి టీఎంఎస్ తీసుకున్నవారిలో వందకు 49 మందికి జబ్బు సగానికి సగం తగ్గింది, 32 మంది దాదాపు పూర్తిగా కోలుకున్నారు. అయితే ఆ పరీక్షలో ఉత్తుత్తి చికిత్స ఇచ్చి పోల్చిన గుంపు లేదు, కొత్త పద్ధతిని పాత పద్ధతితో పోల్చారు. కాబట్టి ఆ అంకె అంతా అయస్కాంతం చలవే అనుకోకూడదు. రోజూ ఒకచోటికి వెళ్ళడం, ఒకరు పలకరించడం, ఆశ, ఇవన్నీ అందులో కలిసే ఉన్నాయి. రోగికి చెప్పవలసింది రెండువైపులా చెప్పాలి: సగం మందికి చెప్పుకోదగ్గ మేలు, సగం మందికి అంత లేదు.

ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిచ్చాక శారద మలక్‌పేటలో అక్క ఇంట్లో దిగింది. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు రావాలి కదా, నల్లగొండ నుంచి రోజూ తిరగడం అయ్యేపని కాదు. చికిత్స మధ్యలో మానేసేవాళ్ళలో చాలామందికి జబ్బు కాదు, బస్సే కారణమవుతుంది. అందుకే ఎంపిక రోజునే ఎక్కడ ఉంటారు, ఎవరు తీసుకొస్తారు అని అడగాలి.

మొదట భద్రత పత్రం. తలలో గానీ మెడలో గానీ లోహం ఉందా అన్నది దానిలో మొదటి ప్రశ్న. చెవిటితనానికి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్లు, ఎప్పుడో తలలో మిగిలిపోయిన రేకుముక్క, ఇలాంటివి ఉంటే కాయిల్ దగ్గరికే పోకూడదు. అయస్కాంతం వాటిని వేడెక్కించవచ్చు, కదిలించవచ్చు, పాడుచెయ్యవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే గుండె డాక్టరుతో మాట్లాడి తేల్చాలి. పళ్ళకు వేసిన సిమెంటు, తొడుగులు మామూలుగా ఇబ్బంది కావు. కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు, వినికిడి యంత్రం, ఫోను, బ్యాంకు కార్డు తీసి గది బయట డబ్బాలో పెట్టాలి.

రెండో భాగం ఫిట్స్ గురించి. టీఎంఎస్‌లో అన్నిటికన్నా భయపడే ప్రమాదం ఇదే, అయినా జాగ్రత్తలు పాటించేచోట వెయ్యిమంది రోగుల్లో ఒకరికి కూడా రానంత అరుదు. ఆ అరుదుతనం ఊరికే రాలేదు, అడగవలసినవి అడగడం వల్ల వచ్చింది. మునుపెప్పుడైనా మూర్ఛ వచ్చిందా, తలకు గట్టి దెబ్బ తగిలిందా, పక్షవాతం వచ్చిందా, మెదడులో గడ్డ ఉందా, రోజూ తాగుతారా, ఈ మధ్యే మానేశారా? బ్యూప్రొపియాన్, క్లోజపిన్, పాతకాలపు ట్రైసైక్లిక్ మందుల లాంటివి వాడుతున్నారా?

శారద దగ్గర వేరే సంగతి బయటపడింది. రాత్రి నిద్రకని క్లోనజెపామ్ అర మిల్లీగ్రాము. మన దగ్గర డిప్రెషన్ చీటీల్లో ఈ మాత్ర కనబడనిది తక్కువ, చాలామంది దాన్ని మందు కిందే లెక్కెయ్యరు, "నిద్రమాత్రేలే" అంటారు. టీఎంఎస్‌కు ఇది రెండువైపులా అడ్డం. ఈ రకం మాత్రలు నరాల ఉద్రేకాన్ని అణుస్తాయి కాబట్టి, వాడేవాళ్ళలో టీఎంఎస్ గుణం కొంత తక్కువగా కనిపించినట్టు పరిశీలనలున్నాయి. అలాగని ఒక్కసారిగా మానేస్తే, అణిగి ఉన్నదంతా ఎగసి ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది. చికిత్స మొదలవుతోందని రోగి మంచి ఉద్దేశంతోనే తనంతట తాను ఆ మాత్ర ఆపేయడం ఈ మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం. డాక్టరు చికిత్సకు ముందు కొన్ని వారాల్లో మెల్లగా పావు మిల్లీగ్రాముకు తగ్గించి, అక్కడ ఆపారు. చికిత్స అయ్యేవరకు దాన్ని పెంచకూడదు, తగ్గించకూడదు, ఏ మాత్ర మారినా చెప్పాలి అని అక్క ముందే చెప్పారు.

మొదటి రోజు గదిలో చికిత్సకన్నా ముందు కొలత. మెదడులో చేతిని కదిపే భాగం మీద కాయిల్ ఉంచి, బలం పెంచుకుంటూ ఒక్కొక్క తట్టు వదులుతారు. కుడిచేతి బొటనవేలు తనంతట తానే చటుక్కున అదురుతుంది. పది తట్లలో ఐదింటికి వేలు అదిరే అతి తక్కువ బలాన్ని మోటార్ థ్రెషోల్డ్ అంటారు. ప్రతి మనిషికీ అది వేరు. పుర్రె మందం, మెదడుకూ పుర్రెకూ మధ్య ఎడం, వాడే మందులు దాన్ని మారుస్తాయి. శారదకు అది యంత్రం బలంలో 52 శాతం దగ్గర తేలింది. చికిత్స మామూలుగా దానికి 120 శాతం మీద ఇస్తారు కాబట్టి, యంత్రాన్ని 62 శాతానికి పెట్టారు. అక్కడినుంచి కాయిల్‌ని ముందుకు జరిపి, తల కొలతలు తీసి లెక్కగట్టిన చోట ఉంచారు. నెత్తిమీద టోపీ పెట్టి గుర్తు గీశారు, రేపు కాయిల్ అదే గుర్తు మీద కూర్చోవాలని.

ఇచ్చే పద్ధతులు రెండు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. పాతదానిలో సెకనుకు పది తట్లు, నాలుగు సెకన్లు కొట్టి 26 సెకన్లు ఆగుతూ, 37 నిమిషాల్లో మొత్తం 3000. కొత్తదానిలో మూడేసి తట్లు గుత్తులుగా, రెండు సెకన్లు కొట్టి ఎనిమిది ఆగుతూ, మూడు నిమిషాల పైచిలుకులో 600. ఇందాక చెప్పిన కెనడా పరీక్షలో రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. శారదకు కొత్తదే ఇచ్చారు. చోటును ఎంత కచ్చితంగా వెతకాలన్నది మరో వాదం. మెదడు స్కాన్ తీసి నరాల బంధాలను చూసి చోటు ఎంచితే మేలా అని ఇంగ్లండులో 255 మంది మీద బ్రైట్‌మైండ్ అనే పరీక్ష చేశారు. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం, మామూలు స్కాన్ ఆధారంగా ఇచ్చిన చికిత్సకన్నా దానివల్ల అదనపు మేలు కనబడలేదు. అలాంటి ప్రత్యేక స్కాన్ పేరుతో ఎక్కువ వసూలు చేసేచోట ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చెవుల్లో ప్లగ్గులు పెట్టాక మొదలుపెట్టారు. కాయిల్ చప్పుడు టకటకమని గట్టిగా ఉంటుంది, ప్లగ్గులు లేకుండా వినికిడి దెబ్బ తినవచ్చు, కాబట్టి రోగికే కాదు, గదిలో ఉన్నవాళ్ళందరికీ అవి ఉండాలి. నుదురు మీద వడ్రంగి పిట్ట పొడిచినట్టుందని శారద చెప్పింది. ఎడమ కనుబొమ మెలితిరగడం, దవడ కదలడం మామూలే. మొదటి వారం తలనొప్పి కూడా సాధారణం, పారాసెటమాల్‌తో పోతుంది. కొన్ని రోజులు బలం కాస్త తగ్గించి, అలవాటయ్యాక పెంచుతారు.

కానీ కుర్చీ పక్కన నిలబడ్డ టెక్నీషియన్ కళ్ళు ముఖం మీద కాదు, కుడిచేతి మీద ఉండాలి. చికిత్స జరుగుతుండగా వేళ్ళు గానీ మణికట్టు గానీ తట్లకు తగ్గట్టు అదరడం మొదలైతే, కాయిల్ జారి చేతి భాగం మీదికి వెళ్ళి ఉండాలి, లేదా మెదడులో ఉద్రేకం పక్కకు పాకుతూ ఉండాలి. రెండోది ఫిట్స్‌కు ముందస్తు గుర్తు. అలా కనబడగానే యంత్రం ఆపి, మొదట కాయిల్ చూసుకుని, ఆ తర్వాత కొలత మళ్ళీ తియ్యాలి. ఫోన్ చూసుకుంటూ కూర్చున్న టెక్నీషియన్‌కు అది కనబడదు. ఏ యంత్రమూ ఆ గుర్తును ఆయన తరఫున పట్టుకోదు.

నిజంగా ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో గదిలో గోడకు రాసి ఉండాలి. యంత్రం ఆపాలి, కుర్చీ వాల్చాలి, మనిషిని పక్కకు తిప్పాలి, గడియారం చూడాలి, ఆక్సిజన్, మందు చేతికందేలా ఉంచాలి, ఐదు నిమిషాలు దాటితే ఆపే ఇంజెక్షన్ ఇవ్వాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు. దానివల్ల ఏ మేలూ లేదు, ఆ తొందరలో పక్కకు తిప్పే పని మరిచిపోతారు. ఇంకొక సంగతి, గదిలో పడిపోయిన ప్రతివాళ్ళకూ ఫిట్స్ రాలేదు. మొదటి రోజు భయానికీ ఖాళీ కడుపుకూ కళ్ళు తిరిగి సోలిపోయేవాళ్ళే ఎక్కువ. ముఖం పాలిపోయి, చెమట పట్టి, పడుకోబెట్టగానే నిమిషంలోపే తేరుకుని మాట్లాడితే అది స్పృహ తప్పడం. తేరుకున్నాక కూడా చాలాసేపు అయోమయంగా ఉంటే ఫిట్స్ అయి ఉండవచ్చు. తేడా రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే సోలిపోయిన మనిషి మర్నాడు చికిత్సకు రావచ్చు. ఫిట్స్ వచ్చిన మనిషి డాక్టరు మళ్ళీ చూసి తేల్చేదాకా రాకూడదు.

రోజూ కాయిల్ పెట్టే ముందు శారదను మూడు ప్రశ్నలు అడిగేవారు. రాత్రి ఎంతసేపు పడుకున్నారు? మందుల్లో ఏమైనా మారిందా? తాగారా, జ్వరమా, ఇంకేమైనా కొత్తగా ఉందా? మొదటి పది రోజులూ జవాబులు ఒకేలా ఉన్నాయి. పదకొండో సెషన్ రోజున టెక్నీషియన్ అడిగితే, "మేనల్లుడి పెళ్ళండీ, రాత్రి రెండింటికి ముహూర్తం, పడుకున్నది రెండు గంటలు" అంది. ఆ హడావిడిలో రాత్రి మాత్ర కూడా వేసుకోలేదు. నిద్ర లేకపోవడం, క్లోనజెపామ్ ఆగిపోవడం, ఫిట్స్ ప్రమాదాన్ని పెంచే రెండు కారణాలు ఒకేరోజు కలిశాయి. మనిషి బాగానే ఉంది, నవ్వుతోంది, కొత్త చీరలో ఉంది. అయినా ఆ రోజు చికిత్స ఇవ్వలేదు. డాక్టరు వచ్చి మాత్ర మామూలుగానే వేసుకోమని చెప్పి, ఇంటికి పంపి పడుకోమన్నారు. మర్నాడు నిద్ర సరిగ్గా పట్టాక థ్రెషోల్డ్ మళ్ళీ కొలిచారు. అది 50కి దిగింది, యంత్రాన్ని 60కి తగ్గించి కొనసాగించారు. ఒక్క రోజు పోయినందువల్ల నష్టమేమీ లేదు, చివర్లో ఒక రోజు కలుపుకున్నారు.

ప్రతి శుక్రవారం అదే తొమ్మిది ప్రశ్నల పత్రం. మొదటి వారం 18. రెండో వారం 17. శారదకు గుండె జారిపోయింది, "ఇక నాకు ఇది కూడా అంతే" అంది. ఇలాంటప్పుడే ఎక్కువమంది మానేస్తారు. చాలామందికి కదలిక రెండో వారం దాటాకే కనబడుతుంది కాబట్టి, పదో సెషన్ దగ్గర గుణం లేదని తేల్చెయ్యకూడదు. మూడో వారం 12. ఇక్కడ స్కోరు ఒక్కటే చూస్తే సరిపోదు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. మొత్తం స్కోరు తగ్గుతూ ఆ ఒక్క జవాబు పెరిగితే ఆ రోజే డాక్టరు కూర్చుని మాట్లాడాలి. మనసు కన్నా ముందు ఒంట్లో ఓపిక వచ్చే రోజుల్లో ప్రమాదం ఉంటుందని ఈ రంగంలో ఉన్నవాళ్ళకు తెలుసు. శారదకు ఆ జవాబు మొదట్లో "కొన్ని రోజులు" అని ఉండేది, మూడో వారానికి "అస్సలు లేదు" అయింది.

అదే వారం అక్క ఇంకోమాట చెప్పింది: "ఇప్పుడు తెగ మాట్లాడుతోంది డాక్టర్ గారూ, వంటింట్లో పాడుతోంది కూడా." ఇది కోలుకోవడమా, హుషారు హద్దు దాటడమా అని తేల్చుకోవాలి. తేడా నిద్రలో దొరుకుతుంది. నిద్ర తగ్గినా అలుపు లేకుండా, మాట అదుపు తప్పి, ఎదుటివాళ్ళు ఆపినా ఆగకుండా, పెద్ద పెద్ద పథకాలూ ఖర్చులూ మొదలైతే చికిత్స ఆపి చూడాలి. శారద రాత్రి ఏడు గంటలు పడుకుంటోంది, మధ్యాహ్నం కునుకు తీస్తోంది. "మునుపు మా చెల్లి ఇలానే ఉండేది లెండి" అంది అక్క. కొనసాగించారు.

ఇరవై సెషన్లు పూర్తయ్యేసరికి స్కోరు 8. మొదటి 19లో సగంకన్నా తక్కువ, కాబట్టి గుణం వచ్చినట్టు. కానీ 5కన్నా తక్కువకు రాలేదు, కాబట్టి పూర్తిగా కోలుకున్నట్టు కాదు. ఇంకో పది సెషన్లు పొడిగించారు, 6 దగ్గర నిలబడింది. ఇదే చోట వేరే రోగికి స్కోరు 18 దగ్గరే ఉందనుకుందాం. అప్పుడు విభాగం దగ్గర ముందే రాసుకున్న జవాబు ఉండాలి. కాయిల్ చోటు, బలం సరిచూసి, మందుల చీటీ మళ్ళీ చదివి, కొద్దిగానైనా కదలిక ఉంటే ఓ వారం రెండు వారాలు పొడిగించడం, ఏమాత్రం లేకపోతే ఆపి వేరే చికిత్స మాట్లాడడం. ఇరవై తర్వాత ముప్పై, ముప్పై తర్వాత నలభై అంటూ కొలవకుండా పెంచుకుంటూ పోయేచోట రోగి డబ్బు పోతుంది, అంతకన్నా ఎక్కువగా "నాకు ఏదీ పనిచెయ్యదు" అన్న నమ్మకం బలపడుతుంది.

చివరి సెషన్లను వారానికి ఐదు నుంచి మూడుకు, రెండుకు, ఒకటికి దించుతూ ముగించారు. మందు ఆపలేదు. వెన్లఫాక్సిన్ అదే మోతాదులో కొనసాగుతుంది, క్లోనజెపామ్‌ను తర్వాత నెమ్మదిగా మాన్పిస్తారు. టీఎంఎస్ మేలు శాశ్వతం కాదు. గుణం వచ్చినవాళ్ళను అమెరికాలో ఏడాదిపాటు గమనించిన ఒక అధ్యయనంలో వందకు అరవై పైచిలుకు మందికి మేలు నిలబడింది, మిగిలినవాళ్ళకు జబ్బు తిరగబెట్టింది. వాళ్ళలో చాలామందికి మళ్ళీ ఇస్తే మళ్ళీ పనిచేస్తుంది, కానీ ముదిరేదాకా ఆగకుండా ముందే పట్టుకోవాలి.

అందుకని జూన్‌లో బడి తెరిచే ముందు శారద చేతికి ఒక కాగితం ఇచ్చి పంపారు. రెండు వారాలకోసారి అదే పత్రం ఇంట్లోనే నింపాలి. వరసగా రెండుసార్లు 10 దాటితే, లేదా తొమ్మిదో ప్రశ్నకు జవాబు ఒక్కసారి మారినా, విభాగానికి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు కింద, రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే పిలవడానికి ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 రాసి ఉంది. కాగితం ఇంకో కాపీ అక్క దగ్గర ఉంది. ఆమెకు థ్రెషోల్డ్ 50 దగ్గర తేలిందనీ, ఏ పద్ధతి ఇచ్చారో, ఎన్ని సెషన్లయ్యాయో, స్కోరు ఏ వారం ఎంతకు దిగిందో కూడా అందులో ఉన్నాయి, మళ్ళీ అవసరమైతే ఏ ఊళ్ళో ఏ డాక్టరు చూసినా మొదటినుంచి వెతుక్కోనక్కర్లేకుండా.